ఒకే గని షీటు, రెండు ఐఆర్‌ఆర్‌లు: చివరి ఏడాది మూసివేత ఖర్చు దగ్గర ఇరుక్కుపోయాను

గనిలెక్క
ఒక ఓపెన్‌కాస్ట్ గనికి ఫీజిబిలిటీ రిపోర్టు రాస్తున్నాను. అంకెలు కాస్త గుండ్రంగా మార్చి ఇక్కడ పెడుతున్నా. మొదట్లో పెట్టుబడి 100 కోట్లు. ఆ తర్వాత పదేళ్లపాటు ఖర్చులూ పన్నులూ పోను ఏటా 30 కోట్లు చేతికొస్తాయి. పదకొండో ఏడు తవ్వకం ఉండదు. గని మూసి నేలను సరిచేసే ఖర్చు మాత్రమే ఉంటుంది, 220 కోట్లు. అంటే చివరి అంకె మైనస్.

వచ్చేదీ పోయేదీ అంతా ఇవాళ్టి విలువకి తెస్తే నికరంగా సున్నా అయ్యే రేటే ఐఆర్‌ఆర్ కదా. షీటులో ఇలా వేశాను:

```
=IRR(B2:M2,0.02)
=IRR(B2:M2,0.2)
```

మొదటి దానికి 3.9%, రెండో దానికి దాదాపు 17.5% వస్తోంది. అవే అంకెలు, వెతకడం ఏ రేటు దగ్గర మొదలుపెట్టాలో చెప్పే గెస్ ఒక్కటే మార్చాను. మా దగ్గర కనీసం 10% రావాలని నియమం. 17.5 అయితే ప్రాజెక్టు పాస్, 3.9 అయితే ఫెయిల్. 10% దగ్గర ఎన్‌పీవీ, అంటే ఇవాళ్టి విలువలో నికరంగా మిగిలేది, ప్లస్ 7.2 కోట్లు. "ఎన్‌పీవీ ప్లస్ ఉంది కదా, 17.5 రాసెయ్" అంటున్నారు పైవాళ్లు. నాకు మనసొప్పడం లేదు. రేపు ఎవరైనా 3.9 ఎందుకు రాయలేదని అడిగితే ఏం చెప్పాలి?

తీగమల్లె
గెస్ అసలు ఇవ్వకుండా వదిలేస్తే పోదా? ఏది వస్తే అదే రాయండి.

గనిలెక్క
అది సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న జవాబు అవుతుంది కానీ గని జవాబు ఎలా అవుతుందండీ?

రాతిపలక
షీటులో తప్పేమీ లేదు. రెండు జవాబులూ నిజమైనవే. మీ వరుసలో ముందు మైనస్, మధ్యలో ప్లస్‌లు, చివర మళ్లీ మైనస్. గుర్తు రెండుసార్లు మారింది కాబట్టి సమీకరణానికి రెండు మూలాలు ఉండొచ్చు. ఈ సూత్రం డెకార్ట్ 1637లోనే చెప్పాడు. పెట్టుబడుల లెక్కలోకి దీన్ని తెచ్చి గట్టిగా చూపించింది లోరీ, శావేజ్ అనే ఇద్దరు, 1955లో. వాళ్ల ఉదాహరణలో మొదట 1600 పెట్టాలి, ఏడాదికి 10000 వస్తుంది, ఆ మరుసటి ఏడు 10000 పోతుంది. దానికి ఐఆర్‌ఆర్ 25% కూడా సరిపోతుంది, 400% కూడా సరిపోతుంది. కాగితం మీద చేసి చూడండి, రెండు నిమిషాల పని.

అసలు ప్రశ్న అది కాదు. ముందు ఒక పని చేయండి. డిస్కౌంట్ అంతా పక్కన పెట్టి, మీ పన్నెండు అంకెలూ మామూలుగా కూడండి.

గనిలెక్క
300 వచ్చింది. పోయింది 100, 220. మొత్తం మైనస్ 20.

నిజం చెప్పాలంటే ఈ కూడిక ఇంతవరకూ నేను చేయలేదు.

రాతిపలక
చేసేవాళ్లు తక్కువే. కానీ కీలకం అక్కడే ఉంది. మైనస్, ప్లస్‌లు, మైనస్ అనే ఆకారంలో ఉన్న గనికి మొత్తం కూడిక ప్లస్ అయితే, సున్నాకి పైన ఐఆర్‌ఆర్ ఒక్కటే ఉంటుంది. రెండోది సున్నాకి కింద ఎక్కడో ఉంటుంది, దానితో మనకు పని లేదు. సున్నాకి పైనే రెండు కనబడ్డాయంటే ఆ గని మొత్తం మీద తెచ్చేదానికన్నా ఎక్కువ తీసుకుంటోందని అర్థం. మీ షీటు చెబుతున్నది అదే. రెండు ఐఆర్‌ఆర్‌లు జబ్బు కాదు, జ్వరం లాంటివి.

వేర్వేరు రేట్లకు ఎన్‌పీవీ వేసి చూశాను. 0% దగ్గర మైనస్ 20, 4% దగ్గర సున్నాకి కాస్త పైన, 10% దగ్గర 7.2, 15% దగ్గర 3.3, 20% దగ్గర మైనస్ 3.8. కొండలా పైకెక్కి మళ్లీ దిగింది. మామూలు ప్రాజెక్టుకి రేటు పెంచితే విలువ తగ్గాలి. మీ దాంట్లో దాదాపు 9.5% దాకా రేటు పెంచే కొద్దీ గని మంచిదైపోతోంది! కారణం ఒకటే. 220 కోట్లను పదకొండేళ్లు 10% చొప్పున వెనక్కి లాగితే 77 కోట్లే కనిపిస్తుంది.

వెన్నెలబాట
ఇందులో గొడవేముంది? మూసేటప్పుడు యంత్రాలు, కన్వేయర్లు, షెడ్లు అమ్మితే డబ్బు వస్తుంది కదా. అది కలిపితే చివరి ఏడు మైనస్ కాకుండా పోవచ్చు. స్క్రాప్ విలువ వేశారా?

గనిలెక్క
వేశానండీ. అది తీసేశాకే 220.

పాతసర్వేయర్
వెన్నెలబాట గారూ, స్క్రాప్ మీద ఆశ పెట్టుకోకండి. నేను పనిచేసిన ఒక చోట క్రషర్ విప్పి, కాంక్రీటు పునాదులు పగలగొట్టి, దారి సరిచేసి పాత ఇనుమును బయటికి తోలేసరికి ఇనుము మీద వచ్చిన డబ్బు ఆ పనికే సరిపోయింది. మిగిలింది ఏమీ లేదు.

గనిలెక్క గారూ, ఆ 220లో ఏమేం ఉన్నాయో చెప్పగలరా? నా అనుమానం అది కూడా తక్కువే.

గనిలెక్క
ఎక్కువ భాగం వేస్ట్ డంప్‌ల వాలు తగ్గించి మట్టి కప్పడం, ఖనిజం తీశాక మిగిలిన బురదను నిలిపే టైలింగ్స్ డ్యామ్ ఆరబెట్టి పైన పొర వేయడం. తర్వాత గుంత అంచులు భద్రం చేయడం, కూల్చివేతలు, మొక్కలు, అయిదేళ్ల పర్యవేక్షణ. అన్నీ పదకొండో ఏటిలోనే పడేశాను.

పాతసర్వేయర్
నీళ్ల శుద్ధి లేదు.

గనిలెక్క
రాయిలో గంధకం తక్కువని రిపోర్టులో ఉంది. అందుకే వేయలేదు.

పాతసర్వేయర్
మాకూ అదే చెప్పారు. సగటు తక్కువే. కానీ గుంత అడుగున ఒక పొరలో పైరైట్ బాగా ఉంది, గాలీ నీరూ తగిలితే ఆసిడ్ పుట్టించే గంధకపు ఖనిజం. ఆ రాయి చివరి మూడేళ్లలో తవ్వి డంప్ పైన పోశారు, అంటే గాలీ వానా నేరుగా తగిలే చోట. మొదట్లో ఏమీ తెలియలేదు. రాయిలోనే ఉన్న సున్నపు ఖనిజం కొన్నేళ్లు ఆసిడ్‌ను చంపుతూ వచ్చింది. అది అయిపోయాక డంప్ పాదం దగ్గర ఊట నారింజ రంగుకి తిరిగింది. పీహెచ్ చూస్తే మూడుకి అటూ ఇటూ. అప్పటికి తవ్వకం ఆగిపోయింది, ఆదాయం లేదు. ఆ రాయిని ముందే వేరుగా పెట్టి మధ్యలో పూడ్చి ఉంటే అదే ట్రక్కు, అదే డీజిల్‌తో పనైపోయేది. తర్వాత ఎత్తి మార్చాలంటే ప్రతి టన్నునీ రెండోసారి మోయాలి. మూసివేత అంచనా రెట్టింపు దాటింది. ఇప్పటికీ ఆ ఊట గుర్తొస్తే నాకు బాధే. లాగ్‌బుక్‌లో ఆ పొర గురించి రాసిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఎవరూ దాన్ని చదవలేదు.

మీ డ్రిల్లింగ్ నమూనాల్లో సగటు చూడకండి. చివరి మూడేళ్లలో బయటికొచ్చే రాయి ఏదో దాన్ని విడిగా చూడండి.

నడిరేయి
పాతసర్వేయర్ గారు చెప్పింది నా పాయింటుకి బలం. మూసివేత ఖర్చు ఎంతవుతుందో ఎవరికీ తెలియదు, రిస్క్ చాలా ఎక్కువ. రిస్క్ ఎక్కువైతే డిస్కౌంట్ రేటు పెంచాలి. ఆ చివరి అంకెకి 15% వేయండి. అప్పుడు రిస్క్ లెక్కలోకి వచ్చినట్టే.

రాతిపలక
వేసి చూడండి. 220 కోట్లు 47 కోట్లు అయింది. ఖర్చు పెరుగుతుందేమోనని భయపడి చేసిన సర్దుబాటు ఆ ఖర్చునే చిన్నది చేసింది. వచ్చే డబ్బుకి రిస్క్ ఉంటే రేటు పెంచితే విలువ తగ్గుతుంది, అది సబబే. ఇచ్చే డబ్బుకి అదే చేస్తే తలకిందులవుతుంది. బాకీ విషయంలో భయం ఉంటే రేటు తగ్గించాలి, లేదా అంకెనే పెంచాలి.

నడిరేయి
సరే, రేటు విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటా. కానీ రెండు జవాబుల సమస్యకి మందు ఉంది కదా, పోయే డబ్బుకీ వచ్చే డబ్బుకీ విడివిడిగా రేట్లు తీసుకునే `MIRR`. ఒక్కటే జవాబు ఇస్తుంది. 10%, 10% వేస్తే 10.4% వచ్చింది. పాస్! గొడవ తీరింది.

వానచినుకు
తీరలేదండీ. అందులో మొదటి రేటు బయటికి పోయే డబ్బుకి. ఆ ఒక్కటీ 10 నుంచి 4కి మార్చి చూడండి, 7.3% వస్తుంది. ఫెయిల్. రెండు జవాబులు పోయాయి కానీ ఆ ప్రశ్నే ఇప్పుడు ఆర్గ్యుమెంటు లోపల దాక్కుంది.

నేను ఆడిట్ వైపు నుంచి చెబుతాను. గని తెరిచి నేలను చెడగొట్టిన రోజు నుంచే మూసివేత బాకీ ఖాతాల్లో చూపించాలి. ఐఏఎస్ 37 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం దాన్ని ఆ బాకీకి తగిన రేటుతో డిస్కౌంట్ చేయాలి, ప్రాజెక్టు రేటుతో కాదు. మామూలుగా అది ప్రభుత్వ బాండ్ల రేటుకి దగ్గరగా ఉంటుంది. అంచనా మారినప్పుడల్లా సరిదిద్దాలి. అందుకే విచిత్రం ఎదురవుతుంది. ఒకే కంపెనీ, ఒకే గుంత, అదే 220 కోట్లు. ఖాతాల్లో అది 143 కోట్ల బాకీ, బోర్డుకిచ్చిన ప్రాజెక్టు నోటులో 77 కోట్లు. పక్క పక్క గదుల్లోనే రెండు కాగితాలూ ఉంటాయి, కలిపి చూసేవాళ్లు ఉండరు.

143 నేను 4% వేసి తీసింది. మీ దగ్గర ఏ రేటు నడుస్తుందో అది వేసుకోండి.

తీగమల్లె
ఒక చిన్న ప్రశ్న. 220 ఇవాళ్టి ధరా, పదకొండో ఏటి ధరా?

గనిలెక్క
పదకొండో ఏటి ధరే. ధరల పెరుగుదల కలిపే వేశాం. ఏడాదికి 30 కూడా అంతే. అక్కడ కలగాపులగం లేదు.

తీగమల్లె
మంచిది. నేను చూసిన షీట్లలో సగం అక్కడే పోతాయి. ఇవాళ్టి ధర వేసి, ద్రవ్యోల్బణం కలిసిన రేటుతో తగ్గిస్తారు. ఖర్చు రెండుసార్లు చిక్కిపోతుంది.

వానచినుకు
ఇంకొకటి అడగాలి. మూసివేత ఖర్చు మీద పన్ను ఆదా వేశారా?

గనిలెక్క
వేశాను. అసలు 290 దాకా ఉంటే పన్ను మినహాయింపు తీసి 220 చేశాం. ఎందుకు?

వానచినుకు
పదకొండో ఏడు ఆదాయం లేదన్నారు. మినహాయింపు దేనిమీద తీసుకుంటారు? ఆ కంపెనీకి వేరే లాభాలు ఉండి, వాటితో కలుపుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటే సరే. ఈ ఒక్క గని కోసమే పెట్టిన కంపెనీ అయితే ఆ 70 కోట్లు కాగితం మీదే ఉంటాయి.

గనిలెక్క
ఒక్క గని కంపెనీయే. ఇది రేపు అడగాలి. టెన్షన్ ఇంకా పెరిగింది.

పెరటిబావి
నేను గనుల మనిషిని కాను, అప్పులిచ్చే వైపు పనిచేశాను. మేము ఇలాంటి వాటికి ఐఆర్‌ఆర్ అడిగేవాళ్లమే కాదు. ఒకటే అడిగేవాళ్లం: చివర్లో ఆ 220 ఎక్కడి నుంచి తెస్తారు? జవాబు "అప్పటికి చూద్దాం" అయితే ఫైలు మూసేవాళ్లం.

తవ్వుతున్న పదేళ్లూ పక్కకు తీసి పెట్టమని షరతు పెట్టేవాళ్లం. 4% వచ్చే భద్రమైన ఫండులో ఏటా చివర వేస్తూ పోతే, పదకొండో ఏటికి 220 కావాలంటే ఏడాదికి 17.6 కోట్లు వేయాలి. అంటే 30లో చేతికి మిగిలేది 12.4. ఇప్పుడు వరుస రాసి చూడండి. 100 పోయింది, పదేళ్లు 12.4 చొప్పున వచ్చింది, పదకొండో ఏడు సున్నా, ఎందుకంటే ఖర్చు ఫండే భరిస్తుంది. గుర్తు ఒక్కసారే మారింది, ఐఆర్‌ఆర్ ఒక్కటే: 4.1%. ఆ 100 కోట్లు కూడా ఫండులోనే పడేస్తే ఇంచుమించు ఇదే వచ్చేది. రాయి పగలగొట్టాల్సిన పని లేదు.

గనిలెక్క
ఇప్పుడే షీటులో వేశాను. 4.1. గెస్ ఏదిచ్చినా మారడం లేదు. అయితే 3.9 అబద్ధం కాదన్నమాట!

రాతిపలక
పెరటిబావి గారి పద్ధతి నాకు నచ్చింది, కానీ ఒక తేడా ఉంది. ఫండు వరుసకి 10% వేస్తే ఎన్‌పీవీ దాదాపు మైనస్ 24 వస్తుంది. నేను చేసే పద్ధతిలో ఆదాయానికి 10%, మూసివేత బాకీకి 4% వేస్తాను. అలా చేస్తే 184 లోంచి 100, 143 పోయి మైనస్ 58 లేదా 59. నా ఉద్దేశంలో రెండోదే సరైంది. ఫండులో వేయాల్సిన 17.6 కూడా తప్పించుకోలేని బాకీయే. దాన్ని 10%తో తగ్గించడం అంటే పాత తప్పు సగం అలాగే ఉంచడం.

పెరటిబావి
ఒప్పుకోను. ఫండులో వేసే డబ్బు గని నడిస్తేనే వేస్తారు, ధర పడిపోతే అదీ ఆగుతుంది. గని రిస్క్ దానికీ ఉంది.

రాతిపలక
గని ఆగితే ఫండు ఆగుతుంది, నిజమే. మూసివేత బాకీ ఆగదు కదా. ఇంకా ముందుకే వచ్చి కూర్చుంటుంది. అయిదో ఏడు మూతపడిన గనికి ఫండు సగం కూడా నిండదు, డంప్‌లు మాత్రం అప్పటికే సగం లేచి ఉంటాయి.

పెరటిబావి
అందుకే మేము ఫండుతో పాటు బ్యాంకు గ్యారంటీ కూడా అడిగేవాళ్లం. కానీ రేటు విషయంలో నా మాట నాదే.

నడిరేయి
ఏ దారిలో వెళ్లినా మైనస్సే కదా, మీరిద్దరూ దేనికి పోట్లాడుకుంటున్నట్టు?

రాతిపలక
ఈ గనికి తేడా లేదు. చివరి ఖర్చు 120 అయిన గనికి ఉంటుంది. అక్కడ ఒకరి పద్ధతిలో పాస్ అయ్యి మరొకరి పద్ధతిలో అంచు మీద వేలాడొచ్చు.

పాతసర్వేయర్
మీరంతా 220 పదకొండో ఏడే ఖర్చు పెడతారని నమ్మి లెక్కలు వేస్తున్నారు. పెట్టరు. పదో ఏడు చివర యజమాని స్థానంలో కూర్చుని చూడండి. డబ్బుకి 10% ఆశించే మనిషికి 220 కోట్ల పనిని ఒక్క ఏడు వాయిదా వేస్తే 22 కోట్లు కలిసొచ్చినట్టు. పంపులు నడుపుతూ, కాపలా పెట్టి "తాత్కాలికంగా ఆపాం" అని బోర్డు పెట్టడానికి అయిదారు కోట్లు చాలు. అందుకే తాత్కాలికంగా ఆపిన గనులు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. ఇంకో దారి, ఖనిజం అయిపోవస్తుండగా ఒక చిన్న కంపెనీకి చవకగా అమ్మేయడం. కొన్నవాడు చేతులెత్తేస్తే ఆ నేల జనం నెత్తిన పడుతుంది.

కెనడాలో జెయంట్ అనే బంగారు గని ఉంది. 1999లో దాని యజమాని దివాలా తీసేనాటికి భూమి కింద 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ పొడి మిగిలింది. దాన్ని గడ్డకట్టించి అక్కడే పట్టి ఉంచే పని ఇప్పుడు ప్రభుత్వానిది.

వానచినుకు
దివాలా తీయనివాళ్లకీ సుఖం లేదు. ఆస్ట్రేలియాలో రేంజర్ యురేనియం గని చూడండి. 2021 జనవరిలో ఉత్పత్తి ఆగింది. పునరుద్ధరణకి అంతకుముందు దాదాపు 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు అనుకున్నారు. 2022లో దాన్ని 160 నుంచి 220 కోట్ల డాలర్లకు పెంచారు, గడువూ జరిగింది. అంచనా పెరిగిన సమయం చూశారా? ఆదాయం ఆగిపోయాక. షీటులో చివరి గడి ఒక్కటే ఉంటుంది, అది రాసినవాళ్లకి అన్నిటికన్నా తక్కువ తెలిసిన గడి కూడా అదే.

వెన్నెలబాట
ఇందాక స్క్రాప్ గురించి అడిగి ప్రశ్న తప్పుగా అర్థం చేసుకున్నాను. ఇప్పుడు సరిగ్గా అడుగుతా. ఆ ఖర్చు చివరికి కుప్పపడకుండా తవ్వుతూనే కొంచెం కొంచెం చేస్తూ రావచ్చు కదా?

పాతసర్వేయర్
ఇది మంచి ప్రశ్న. చేయొచ్చు, చేయాలి కూడా. నిండిన డంప్‌ని వెంటనే వాలు చేసి మట్టి కప్పితే అక్కడే తిరుగుతున్న డోజర్లే సరిపోతాయి. పై మట్టి కూడా తాజాగా ఉంటుంది. పదేళ్లు కుప్పగా పోసి ఉంచిన మట్టిలో గింజలు చచ్చిపోతాయి, మొక్క సరిగా పట్టదు. కాకపోతే అన్నీ కుదరవు. టైలింగ్స్ డ్యామ్ చివరి రోజు దాకా వాడకంలోనే ఉంటుంది. గుంత కూడా అంతే.

డబ్బు లెక్కలో మాత్రం ఇది చెడ్డగా కనబడుతుంది. మూడో ఏట పెట్టే 20 కోట్లు 10% దగ్గర 15 కోట్ల బరువు. అదే పని పదకొండో ఏటికి తోస్తే, 30 కోట్లు అయినా 10.5 కోట్లే. ఖరీదైన పని చవగ్గా కనిపిస్తుంది. మా ప్లాన్‌లోంచి ఆ పనిని కొట్టేసింది ఇదే లెక్క.

గనిలెక్క
నీళ్ల సంగతి చూశాను. పాతసర్వేయర్ గారు చెప్పినట్టు నమూనాలు విడగొట్టి చూస్తే గుంతలో మెట్లలా తవ్వే బెంచీల్లో చివరి రెండిట్లో గంధకం మిగతా వాటికన్నా స్పష్టంగా ఎక్కువ. పూర్తి పరీక్షలకి పంపమన్నాను. శుద్ధి కావాల్సి వస్తే ఏడాదికి 2 కోట్లు అంటున్నారు. ఎన్నేళ్లు వేయాలి?

పాతసర్వేయర్
ఆసిడ్ మొదలయ్యాక ఏళ్లు లెక్కపెట్టలేం. పైరైట్ ఉన్నంతకాలం.

రాతిపలక
అంతం లేదనే వేయండి. 2 కోట్లు ఎప్పటికీ అంటే, 4% ఇచ్చే ఫండులో ఆ రోజుకి 50 కోట్లు ఉండాలి. 10% అనుకుంటే 20 చాలు అనిపిస్తుంది. కానీ ఏటేటా ధరలు పెరుగుతాయి కాబట్టి 4% కూడా ఎక్కువే. ధరల పెరుగుదల పోగా 2% మిగిలితే 100 కోట్లు కావాలి. ఇక్కడ రేటు అనేది లెక్కలో చిన్న విషయం కాదు, అదే లెక్క.

నడిరేయి
అంటే 220 కాస్తా 290, దానిమీద ఇంకో 100?

గనిలెక్క
పరీక్షలు వచ్చేదాకా 100 ఖాయం చేయను. కానీ పన్ను ఆదా తీసేసి 290తో వేశాను. మామూలుగా మొత్తం 10%తో వేసినా ఎన్‌పీవీ మైనస్ 17. ఆ అంకెకి ఐఆర్‌ఆర్ అసలు రావడం లేదు, `#NUM!` అంటోంది.

రాతిపలక
రాదు. కొండ మొత్తం సున్నాకి కిందికి దిగిపోయింది. ఏ రేటు దగ్గరా గీతను తాకదు.

గనిలెక్క
17.5 మాత్రం రాయను. రిపోర్టు మొదటి పేజీలో డిస్కౌంట్ లేని కూడిక పెడుతున్నా, దాని కింద ఫండు వరుస, ఆ కింద రాతిపలక గారి వరుస. పన్ను సంగతి సోమవారం అడుగుతాను. ఆ రెండు బెంచీలు తవ్వకుండా ఎనిమిదో ఏడే ఆపేస్తే ఎలా ఉంటుందో కూడా వేస్తున్నా.

పాతసర్వేయర్
అది వేశాక ఇక్కడ పెట్టండి. మేము అడగకుండా వదిలేసిన లెక్క అదే.

పెరటిబావి
ఎనిమిదేళ్లకి ఆపితే ఫండుకి కూడా ఎనిమిదేళ్లే ఉంటాయి, ఏటా వేయాల్సింది పెరుగుతుంది. అది మర్చిపోకండి.